ఫార్ములా కరెక్టే... మరి మార్కులేవీ?

పోయిన నెల మా కాలేజీలో గేట్ మాక్ టెస్ట్ పెట్టాం. నేను చెప్పే ఫ్లూయిడ్ మెకానిక్స్ నుంచి మూడు లెక్కలొచ్చాయి. రిజల్ట్ వచ్చిన సాయంత్రం ఫైనలియర్ అమ్మాయి ఒకామె రఫ్ షీట్లు పట్టుకుని స్టాఫ్ రూమ్‌కొచ్చింది.

"సార్, మూడింటికీ ఫార్ములా కరెక్టే రాశాను. మూడూ తప్పని చూపిస్తోంది. కీలో ఏమైనా పొరపాటు ఉందేమో ఒక్కసారి చూడరా?"

చూశాను. ఫార్ములాలు నిజంగానే కరెక్టు. కీ కూడా కరెక్టే!

సెమిస్టర్ పరీక్షలో అయితే ఆ అమ్మాయికి సగానికి పైగా స్టెప్ మార్కులు పడేవి. గేట్‌లో న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకి ఆప్షన్లుండవు. స్క్రీన్ మీద అంకె కొట్టాలి, అంతే. మీరు ఎంత బాగా ఆలోచించారో కంప్యూటర్‌కి తెలీదు. అందుకే ఆ రోజు ఇద్దరం కూర్చుని మూడు జవాబుల్నీ విప్పి చూశాం. తప్పు ఎక్కడ దూరిందన్నది ఒక సంగతి. పరీక్ష హాల్లోనే దాన్ని ఎలా పట్టుకోవచ్చన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి.

పాదరసం ఒక పక్క, మరి రెండో పక్క?

మొదటిది మానోమీటర్ లెక్క. అడ్డంగా ఉన్న నీళ్ల పైపుకి రెండు చోట్ల యూ-ట్యూబ్ తగిలించారు. అడుగున పాదరసం ఉంది. రెండు వైపులా పాదరసం మట్టాల తేడా 20 సెంటీమీటర్లు. ఆ రెండు చోట్ల మధ్య ప్రెజర్ తేడా ఎన్ని కిలోపాస్కల్స్?

ఆ అమ్మాయి 13600 × 9.81 × 0.20 వేసి 26.68 అని కొట్టింది. కీలో 24.72 ఉంది.

మామూలుగా ఇలాంటి జవాబుని సరిచూడ్డానికి నేనో గుర్తు చెప్తుంటాను. 76 సెంటీమీటర్ల పాదరసం అంటే ఒక అట్మాస్ఫియర్, సుమారు 101 కిలోపాస్కల్స్. 20 సెంటీమీటర్లంటే అందులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంటే 26, 27 దగ్గర ఉండాలి. పాదరసానికి 13600 బదులు నీటి డెన్సిటీ 1000 వేస్తే 1.96 వస్తుంది. 0.20 బదులు 20 వేస్తే 2668 వస్తుంది. రెండూ ఈ గుర్తు దగ్గరే దొరికిపోతాయి.

కానీ 26.68 దొరకదు. చూడ్డానికి చక్కగా ఉంది మరి!

"ఇక్కడ ఫిగర్ ఏదమ్మా?" అన్నాను. గియ్యలేదు. సరేనని గియ్యమన్నాను. పాదరసం కిందికి దిగిన వైపు, దాని పైమట్టం దగ్గర అడ్డంగా ఓ గీత గీయించాను. ఆ గీత మీద రెండు గొట్టాల్లోనూ ప్రెజర్ ఒకటే. ఇప్పుడు గీతకి పైన 20 సెంటీమీటర్లు చూడండి. ఒక గొట్టంలో పాదరసం ఉంది. రెండో గొట్టంలో ఏముంది?

"నీళ్లు సార్..." అని నాలిక్కరుచుకుంది.

అదీ సంగతి. పాదరసం బరువులోంచి అంతే ఎత్తు నీళ్ల బరువు తీసెయ్యాలి. వాడాల్సింది 13600 కాదు, 13600 - 1000 = 12600. అప్పుడు 12600 × 9.81 × 0.20 = 24,721 పాస్కల్స్, అంటే 24.72 కిలోపాస్కల్స్.

ఈ తప్పు ఎందుకొస్తుందంటే, మనం మొదట నేర్చుకునే లెక్కల్లో రెండో గొట్టం గాలికి తెరిచి ఉంటుంది. ఘనపు మీటరు గాలి బరువు కిలో పైచిలుకే కాబట్టి దాన్ని వదిలేస్తాం. ఆ అలవాటుతోనే నీళ్లనీ వదిలేస్తాం. జవాబు 8 శాతం దాకా ఎక్కువొస్తుంది. 8 శాతం తేడాని ఏ ఉజ్జాయింపు లెక్కా పట్టుకోలేదు. ఫిగర్ గీసి, గొట్టంలో ఒక్కో ముక్క పక్కన 'పాదరసం', 'నీళ్లు', 'నూనె' అని రాసుకోవడమే దారి.

చెక్క డెన్సిటీనా, నీళ్ల డెన్సిటీనా?

రెండోది తేలే దిమ్మె లెక్క. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు ఉన్న చెక్క దిమ్మె. స్పెసిఫిక్ గ్రావిటీ 0.65. సముద్రపు నీటిలో తేలుతోంది, ఆ నీటి డెన్సిటీ 1025. ఎన్ని మిల్లీమీటర్లు మునుగుతుంది?

ఆమె 500 ని 0.65 తో గుణించి 325 అని రాసింది. మంచినీళ్లలో అయితే సరిగ్గా అదే జవాబు. సముద్రంలో కాదు.

స్పెసిఫిక్ గ్రావిటీ అనేది వస్తువు ఏ ద్రవంలో తేలితే ఆ ద్రవంతో పోల్చేది కాదు. మంచినీటితోనే పోల్చేది. అంటే ఈ దిమ్మె డెన్సిటీ ఎక్కడున్నా 650. ఘనపరిమాణం సరిగ్గా 1 ఘనపు మీటరు కాబట్టి బరువు 650 కిలోలు. దాన్ని పైకి మోసేది మాత్రం పక్కకి తొలగిన సముద్రపు నీళ్లు. బరువు దగ్గర చెక్క డెన్సిటీ, మోసే దగ్గర నీళ్ల డెన్సిటీ. 650 ని 1025 తో భాగించి, అర మీటరుతో గుణిస్తే 0.31707 మీటర్లు. జవాబు 317.07 మిల్లీమీటర్లు.

దీన్ని సరిచూడ్డం చాలా తేలిక. జవాబు పట్టుకుని వెనక్కి నడవండి. ఆమె చెప్పిన 325 మిల్లీమీటర్లు మునిగితే తొలగిన నీళ్లు 2 × 1 × 0.325 = 0.65 ఘనపు మీటర్లు. దాన్ని 1025 తో గుణిస్తే 666 కిలోలు. దిమ్మె 650 కిలోలే! ఊరికే తేలుతున్న వస్తువు తన బరువు కంటే 16 కిలోలు ఎక్కువ నీళ్లని ఎలా తోస్తుంది? అక్కడే తేలిపోయింది. 0.31707 తో వేసి చూడండి, లెక్క 650 కే వచ్చి ఆగుతుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. సముద్రపు నీళ్లు బరువెక్కువ కాబట్టి వస్తువు అక్కడ మంచినీటి కంటే తక్కువే మునగాలి. విశాఖ రేవులో సరుకు ఓడల పక్కల మీద వృత్తం, దాని పక్కన మెట్లలాంటి గీతలు కనిపిస్తాయి. వాటిని ప్లిమ్‌సాల్ గుర్తులంటారు. అందులో మంచినీటికి వేసే F గీత, వేసవి సముద్రానికి వేసే S గీత కంటే పైన ఉంటుంది. అదే ఓడ, అదే సరుకు. నదిలోకి వస్తే కాస్త ఎక్కువ దిగుతుంది కాబట్టే ఆ ఏర్పాటు. మంచినీళ్లకీ, ఉప్పునీళ్లకీ జవాబు ఒకటే వచ్చిందంటే 1025 ని మీరు ఎక్కడా వాడలేదన్నమాట.

పైపులో నీళ్లా, నత్తా?

మూడోది కంటిన్యూటీ. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు 10 సెంటీమీటర్లకి సన్నబడింది. సెకనుకి 30 లీటర్ల నీళ్లు పోతున్నాయి. సన్న పైపులో వేగమెంత?

ఇక్కడ డెన్సిటీ గొడవ లేదు. రెండు చోట్లా అవే నీళ్లు కాబట్టి అది కొట్టుకుపోతుంది. గ్యాస్ అయ్యి, దారిలో డెన్సిటీ మారితే మాత్రం దాన్ని వదలకూడదు.

ఆమె సన్న పైపు ఏరియా 78.54 చదరపు సెంటీమీటర్లని సరిగ్గానే కట్టింది. మీటర్లలోకి మార్చేటప్పుడు 100 తో భాగించింది. చదరపు మీటరులో 10,000 చదరపు సెంటీమీటర్లుంటాయి. దాంతో 0.007854 కావాల్సింది 0.7854 అయింది, వేగం సెకనుకి 0.038 మీటర్లు వచ్చింది. సరైనది 3.82.

"నేను చెక్ చేశాను సార్. వ్యాసం సగమైతే వేగం నాలుగింతలు కావాలి కదా, అయింది" అంది. నిజమే, అయింది. ఎందుకంటే పెద్ద పైపు దగ్గర కూడా అదే తప్పు చేసింది. రెండు వైపులా ఒకే తప్పుంటే నిష్పత్తి చెక్కుచెదరదు. కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే చాలదు.

మరెలా? ఫార్ములా పక్కనపెట్టి పైపుని చూడండి. 10 సెంటీమీటర్ల పైపు ఒక మీటరు ముక్కలో పట్టేది 7.85 లీటర్లు, ఎనిమిది లీటర్ల లోపు. సెకనుకి 30 లీటర్లు పోవాలంటే దాదాపు నాలుగు మీటర్ల పొడవు నీళ్లు ఒక్క సెకనులో దాటాలి. అంటే జవాబు 4 కి కాస్త తక్కువ. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు సెకనుకి ఒకటిన్నర చొప్పున పోతుంటే, లోపల నీళ్లు సెకనుకి నాలుగు సెంటీమీటర్లు కూడా కదలకపోవడమేంటి? అదే లీటర్లని మార్చకుండా 30 అనే వేస్తే వేగం 3820 మీటర్లొస్తుంది. నీటిలో శబ్దం కూడా అందులో సగం వేగంతో పోదు.

మార్కులతో పోయేది కాదు

"ఇంత చిన్న దానికి మొత్తం మార్కులు పోవాలా సార్?" అని అడిగింది. అప్పుడు కెనడాలో జరిగిన సంగతి చెప్పాను.

1983 జులై 23. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కి బయల్దేరాలి. ఇంధనం గేజ్ పనిచెయ్యడం లేదు. కొలబద్దతో చూస్తే ట్యాంకుల్లో 7,682 లీటర్లున్నాయి. కావాల్సింది 22,300 కిలోలు. లీటర్లని కిలోల్లోకి మార్చడానికి 1.77 తో గుణించారు. అది లీటరుకి ఎన్ని పౌన్లో చెప్పే అంకె, కిలోలు కాదు. కిలోల్లో అయితే లీటరు ఇంధనం సుమారు 0.8 మాత్రమే. ట్యాంకులో 13,597 కిలోలున్నాయనుకుని 4,916 లీటర్లు పోయించారు. నిజానికి 20 వేల లీటర్లకి పైగా పొయ్యాలి.

41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. ఇంజిన్లు రెండూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గాల్లో జారనిస్తూ గిమ్లీ అనే ఊరి దగ్గర మూతపడ్డ పాత వైమానిక స్థావరం రన్‌వే మీద దించారు. ఉన్న 69 మందీ బతికారు.

ఆ కాగితం మీద కూడా ఫార్ములా కరెక్టే. "నీళ్లు లీటరు ఎంత?" అనడిగాను. "కిలో" అంది. "కిరోసిన్ నీళ్ల మీద తేలుతుందా, మునుగుతుందా?" "తేలుతుంది." విమానం ఇంధనం కూడా ఓ రకం కిరోసినే. నీళ్ల మీద తేలేది లీటరుకి 1.77 కిలోలు ఎలా తూగుతుంది?

ఆ అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రఫ్ షీట్ వెనక్కి తిప్పి, మానోమీటర్ మళ్లీ మొదట్నుంచి గియ్యడం మొదలుపెట్టింది. ఈసారి రెండో గొట్టం పక్కన ముందుగా 'నీళ్లు' అని రాసింది.