గో-లైవ్ అని రాసిన చోట

శాప్ కన్సల్టెంట్ల ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడల్లా నా ముందుకొచ్చే రెజ్యూమెల్లో దాదాపు ఒకే వాక్యం ఉంటుంది. రాసేది ఇంగ్లీషులోనే అయినా దాని సారం ఇది: "ఎంఎం మాడ్యూల్‌లో రెండు ఇంప్లిమెంటేషన్లు, ఒక సపోర్ట్ ప్రాజెక్టు చేశాను. గో-లైవ్‌లో పాల్గొన్నాను. ఫార్మా, ఆటోమొబైల్, రిటైల్ రంగాల్లో అనుభవం ఉంది." అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సు చేసి వచ్చిన కుర్రాడూ ఇదే రాస్తాడు, పదేళ్లు ఫ్యాక్టరీల్లో తిరిగిన మనిషీ ఇదే రాస్తాడు. కాగితం మీద ఇద్దరూ ఒకటే అయిపోతారు. రెండో మనిషికి జరిగే ఆ నష్టం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అతను చేసిన పనేమిటో నాకు తెలుసు.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్లకు ఒక పుస్తకం, స్టోర్స్‌కు ఇంకో పుస్తకం, అకౌంట్స్‌కు మరో పుస్తకం ఉంటే నెలాఖరుకు మూడూ మూడు లెక్కలు చెబుతాయి. వాటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేదే ఈఆర్‌పీ. స్టోర్స్‌లో సరుకు దించుకున్నట్టు నమోదు చేసిన క్షణానే అకౌంట్స్‌లోనూ దాని విలువ పడుతుంది. 1972లో జర్మనీలో పుట్టిన శాప్ వీటిలో బాగా పేరున్నది. అందులో కొనుగోళ్లు, నిల్వలు చూసే భాగం ఎంఎం. పాత పద్ధతి ఆపేసి కొత్త సిస్టమ్‌లో పని మొదలుపెట్టే రోజునే గో-లైవ్ అంటారు.

నేను ఆగి చదివేది ఆ మాట దగ్గరే. గో-లైవ్‌లో పాల్గొనడమంటే ఆ రోజు ఆఫీసులో ఉండటం కాదు. దానికి ముందు రెండు మూడు రోజుల్లో పాత లెక్కలన్నీ కొత్తదానిలోకి మోయాలి. దాన్ని కటోవర్ అంటారు. ఆ మోతలో చెయ్యి పెట్టినవాళ్లెవరో, పక్కన నిలబడి చూసినవాళ్లెవరో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: "సగంలో ఉన్న కొనుగోలు ఆర్డర్లను ఎలా తెచ్చారు?"

ఒక లెక్క చూద్దాం. కంపెనీ ఒక సప్లయర్‌కు 1000 కిలోల ముడిసరుకు ఆర్డర్ ఇచ్చింది. కిలో 500 రూపాయలు. గో-లైవ్ నాటికి 600 కిలోలు వచ్చాయి. సప్లయర్ బిల్లు మాత్రం 400 కిలోలకే వచ్చింది. వచ్చిన సరుకంతా ఇంకా గోడౌన్‌లోనే ఉంది. కొత్త సిస్టమ్‌లో ఈ ఆర్డర్‌ను ఎంతకు పెట్టాలి?

ఎక్కువమంది చెప్పే జవాబు 400. రావలసిన సరుకు అంతే కదా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పది రోజుల తర్వాత మిగిలిన 200 కిలోల బిల్లు వస్తుంది. అకౌంట్స్‌లో కూర్చున్న మనిషి MIRO తెరిచి ఆర్డర్ నంబరు కొడితే, సరుకు అందాకే బిల్లు అనే నియమం పెట్టిన ఆర్డర్ కాబట్టి, అక్కడ బిల్లు కట్టడానికి వరుసే కనిపించదు. ఆ 200 కిలోలు అందినట్టు కొత్త సిస్టమ్‌కు తెలియదు మరి. సప్లయర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు.

పని చేసినవాడు 600కు పెట్టానంటాడు. అంటే ఇంకా బిల్లు కాని మొత్తానికి. ఆపైన, అంది బిల్లు రాని 200 కిలోలను కొత్త సిస్టమ్‌లో 101 అనే కోడ్‌తో సరుకు అందినట్టు మళ్లీ నమోదు చేశానంటాడు. ఇప్పుడు రావలసింది 400, బిల్లు కావలసింది 600, రెండూ సరిగ్గా నిలిచాయి. అయితే ఇక్కడే అసలు గొయ్యి ఉంది. గోడౌన్ నిల్వలను 561 అనే కోడ్‌తో విడిగా ఎక్కిస్తారు. గోడౌన్‌లో 600 కిలోలు కనిపిస్తున్నాయని స్టోర్స్ వాళ్లు 600 ఎక్కించేస్తే, 101తో వచ్చిన 200తో కలిపి సిస్టమ్‌లో 800 అవుతుంది. లేని సరుకు 200 కిలోలు, లేని విలువ లక్ష రూపాయలు. అందుకని 561తో 400 మాత్రమే ఎక్కించాలి.

ఈ తప్పు జరిగిందో లేదో కనిపెట్టే దారి కూడా ఆ మనిషికి తెలిసి ఉంటుంది. నిల్వలు ఎక్కించగానే కొత్త సిస్టమ్‌లోని సరుకు ఖాతా విలువను పాత ట్రయల్ బ్యాలెన్స్‌తో పోల్చి చూస్తాడు. లక్ష తేడా వస్తే ఎక్కడ వెతకాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అకౌంట్స్ మేనేజర్ సంతకం పెట్టే వరకూ అతను ఇంటికి వెళ్లడు. ఇంత జరిగినా రెజ్యూమెలో అతను రాసుకున్నది "గో-లైవ్‌లో పాల్గొన్నాను" అనే!

తేదీలు కూడా కథ చెబుతాయి. మన దేశంలో చాలా కంపెనీలు గో-లైవ్‌కు ఏప్రిల్ 1 కోరుకుంటాయి. ఆర్థిక సంవత్సరం మొదలు కాబట్టి ప్రారంభ నిల్వలు తేటగా వస్తాయి. ఫిబ్రవరిలో ప్రాజెక్టులో చేరి ఏప్రిల్‌లో గో-లైవ్ చూసినవాళ్లు "ఆది నుంచి అంతం వరకు" అని రాస్తే నాకు నమ్మబుద్ధి కాదు. కంపెనీ పని తీరు అడిగి రాసుకునే దశ, సిస్టమ్‌ను అమర్చే దశ అప్పటికే అయిపోయి ఉంటాయి. పరీక్షల దశలో చేరానని ఉన్నదున్నట్టు రాస్తే మర్యాద పెరుగుతుంది. మరో ప్రశ్న కూడా అడుగుతాను: మొదటి నెలాఖరు ముగింపు వరకు ఉన్నారా? తప్పుల్లో చాలా భాగం ఏప్రిల్ 30న, పుస్తకాలు మూసేటప్పుడు బయటపడతాయి. అంతవరకు ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పక రాసుకోవాలి.

హెడ్ ఆఫీసులో ముందే నడుస్తున్న అమరికను కొత్త ప్లాంటుకు విస్తరిస్తే అది రోలవుట్. నడుస్తున్న సిస్టమ్‌లో వచ్చే ఫిర్యాదులు తీరిస్తే సపోర్ట్. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సిస్టమ్‌లలో పన్నుల అమరిక మార్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అది కష్టమైన పనే, దాని పేరు దానికే ఉంది. వీటన్నిటినీ ఇంప్లిమెంటేషన్ల లెక్కలో కలిపేస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక రంగాల వరుస. ఫార్మా అని రాస్తే నేను వెతికేది బ్యాచ్ మాట. మందుల కంపెనీలో ముడిసరుకు దిగగానే వాడటానికి వీల్లేదు. క్వాలిటీ తనిఖీ నిల్వగా పడుతుంది, ల్యాబ్ వాళ్లు నిర్ణయం నమోదు చేశాకే ఉత్పత్తికి వదులుతారు. ఆటోమొబైల్‌లో ఒక్కో ఆర్డర్ కాకుండా, ఏ రోజు ఎన్ని విడిభాగాలు కావాలో చెప్పే షెడ్యూలింగ్ అగ్రిమెంట్లు నడుస్తాయి. శాప్ రిటైల్‌లోనైతే మెటీరియల్ అనరు, ఆర్టికల్ అంటారు. ఆ రంగంలో ఏడాది పనిచేసిన నోటికి ఆ మాట దానంతటదే వస్తుంది. నాలుగు రంగాల పేర్లు గుచ్చిన వరుస కంటే ఒక రంగం పక్కన ఇలాంటి ఒక్క వివరం నాకు ఎక్కువ చెబుతుంది.

క్లయింట్ పేరు బయటపెట్టకూడదన్న ఒప్పందం ఉంటే పేరు లేకుండానే రాయొచ్చు. పైన లెక్క చెప్పిన మనిషి రెజ్యూమె నా చేతికొస్తే నేను చదవాలనుకునేది ఇలాంటి వాక్యం: "హైదరాబాద్‌లో మూడు ప్లాంట్లున్న బల్క్ డ్రగ్స్ కంపెనీ. కొత్త ఇంప్లిమెంటేషన్, ఏప్రిల్ 1 గో-లైవ్. పరీక్షల దశ నుంచి మే నెలాఖరు వరకు ఉన్నాను. సగంలో ఉన్న ఆర్డర్లు, నిల్వల తరలింపు నా బాధ్యత. సరుకు ఖాతా పాత పుస్తకంతో రూపాయి తేడా లేకుండా కలిసింది."