సంక్రాంతికి కుదరదు సరే, మరి ఎప్పుడు?

డిసెంబరు రాగానే హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్‌ కంపెనీల్లో టీమ్‌ లీడ్‌లకు ఒక తలనొప్పి మొదలవుతుంది. సగం టీమ్‌ సంక్రాంతి సెలవు అడుగుతుంది. ఎవరో ఒకరికి కాదనక తప్పదు. కాదనడం చేతకాక కొందరు నాన్చుతారు, కొందరు లీవ్‌ పోర్టల్‌లో 'బిజినెస్‌ అవసరాల దృష్ట్యా తిరస్కరించడమైనది' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. నాలుగు పేరాల ఉత్తరం సరిగ్గా రాస్తే ఆ మనిషికీ గౌరవం దక్కుతుంది, ప్రాజెక్టూ నడుస్తుంది. ఆ నాలుగు పేరాల్లో ఏముండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

2026 క్యాలెండర్‌ తీసుకుందాం. భోగి జనవరి 14 బుధవారం, సంక్రాంతి 15, కనుమ 16 శుక్రవారం. అదే నెలలో మూడో సోమవారం, అంటే 19న, అమెరికాలో మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ జూనియర్‌ పేరిట జాతీయ సెలవు. శని, ఆదివారాలతో కలిపితే అక్కడి ఆఫీసులకు వరసగా మూడు రోజులు తీరిక. పాత కంప్యూటర్‌ వ్యవస్థను ఆపి కొత్తదానికి మారాలనుకునే కంపెనీలకు ఇలాంటి వారాంతం కలిసొస్తుంది. ఏదైనా చెడినా సరిదిద్దుకోవడానికి సోమవారం అదనంగా చేతిలో ఉంటుంది. అక్కడ తీరిక దొరికిన ఆ రోజులే ఇక్కడ పండగ మత్తు వదలని రోజులు. అమెరికా క్లయింటు మనమీద కక్షతో పెట్టిన ముహూర్తం కాదు గానీ, తెలుగువాళ్లకు ఈ తిప్పలు ఏటా పొంచి ఉంటాయి.

ఇక మన ఉదాహరణలోని ఇంజనీరు. కొత్తగా పెళ్లయింది. అత్తవారిది పాలకొల్లు. మొదటి సంక్రాంతికి అల్లుడు రావాలి. గోదావరి జిల్లాల్లో ఆ పిలుపుకున్న బరువు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జనవరి 9 నుంచి 20 దాకా సెలవు అడిగాడు. పాత డేటాబేస్‌లో ఏ పట్టికలో ఏముందో టీమ్‌లో అందరికంటే బాగా తెలిసినవాడు కూడా అతనే.

పని క్రమం ఇలా ఉంది. జనవరి 10, 11 తేదీల్లో రిహార్సల్‌. అసలు మార్పిడి అమెరికా తూర్పు తీరంలో శుక్రవారం సాయంత్రం 6 గంటలకు మొదలు. మనకు అది శనివారం తెల్లవారుజామున నాలుగున్నర. ఆ నిమిషం నుంచి పాత వ్యవస్థలో కొత్త ఎంట్రీలు బంద్‌. డేటా బయటికి తీయాలి, కొత్తదానిలో ఎక్కించాలి, రెండుచోట్లా లెక్కలు సరిపోయాయో లేదో చూడాలి. రికార్డుల సంఖ్య సరిపోతే చాలదు, ఖాతాల నిల్వలు పైసాతో సహా కలవాలి. తేడా వచ్చినచోట అది పాత డేటాలో ఎప్పటినుంచో ఉన్న తప్పా, ఎక్కించడంలో జరిగిన తప్పా అన్నది గంటల్లో తేల్చగలవాడు కావాలి. ముందుకెళ్లాలా, పాతదానికే తిరిగిపోవాలా అన్న నిర్ణయం అక్కడి ఆదివారం మధ్యాహ్నం 12కి, అంటే మన ఆదివారం రాత్రి పదిన్నరకు. మంగళవారం క్లయింటు ఆఫీసులు తెరుస్తారు. అక్కడినుంచి 30వ తేదీ దాకా ఫిర్యాదుల కాలం, కంపెనీ భాషలో హైపర్‌కేర్‌.

ఉత్తరం రాసే టీమ్‌ లీడ్‌ ముందుగా తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పన్నెండు రోజుల్లో ఈ మనిషి ఏయే రోజుల్లో లేకపోతే నిజంగా పని ఆగుతుంది? పై లెక్క ప్రకారం 10, 11 తేదీల రిహార్సల్‌లో అతను ఉండాలి. అందులో బయటపడిన లోపాలు సరిచేయడానికి 12, 13 కావాలి. మళ్లీ 17 తెల్లవారుజాము నుంచి తప్పదు. మధ్యలో 14, 15, 16 ఖాళీయే. మొత్తం సెలవును గంపగుత్తగా కొట్టేసే లీడ్‌ ఈ లెక్క వేయలేదన్నమాటే.

రెండో ప్రశ్న సెలవు అడిగిన కారణం గురించి. ప్రత్యామ్నాయ తేదీలు ఇవ్వడం మంచిదేనని అందరూ అంటారు. కానీ కొన్ని పనుల తేదీలు జరుగుతాయి, కొన్నింటివి జరగవు. ఊటీ ప్రయాణం, ఇంటి మరమ్మతు ఫిబ్రవరికి జరపొచ్చు. చెల్లెలి పెళ్లి ముహూర్తం, తండ్రి తద్దినం జరపలేం. తద్దినానికి సెలవడిగినవాడితో 'వచ్చే నెల వెళ్లు' అనడం అవమానించడమే. కారణం పూర్తిగా చెప్పమని పట్టుబట్టక్కర్లేదు. 'ఇందులో ఏ రోజులు తప్పనిసరి?' అని ఒక ఫోన్‌ చేసి అడిగితే చాలు. మన అల్లుడిని అడిగితే భోగి, సంక్రాంతి తప్పనిసరి అంటాడు, మిగతావి బంధువుల ఇళ్లలో భోజనాలు. ఇక కనుమ ఉంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు అల్లుణ్ని ప్రయాణం కట్టనివ్వరు. ఈ సంగతి తెలియని పుణె మేనేజరు '16న బయల్దేరి రా' అని రాస్తే పాలకొల్లులో పెద్ద చర్చే జరుగుతుంది. 15 రాత్రి రైలెక్కితే ఇరుపక్షాలకూ సర్దుబాటు.

ఇప్పుడు ఉత్తరం. కంపెనీల్లో ఇది ఎక్కువగా ఇంగ్లిషులోనే వెళ్తుంది. మనం తెలుగులో రాసుకుందాం.

'జనవరి 9 నుంచి 20 వరకు మీరు కోరిన సెలవును పూర్తిగా మంజూరు చేయలేకపోతున్నాను. 10, 11 తేదీల రిహార్సల్‌కు, 17 తెల్లవారుజామున 4.30కి మొదలయ్యే మార్పిడికి, పాత ఖాతాల తేడాలు తేల్చడానికి మీరు అవసరం. ఈసారి ఆ పని ఇంకొకరికి అప్పగించే ఏర్పాటు మేము ముందుగా చేసుకోలేదు. అది మీ లోపం కాదు.

జనవరి 14, 15, 16 తేదీలకు సెలవు మంజూరు చేశాను. 13 సాయంత్రం 4 గంటలకు మీరు బయల్దేరవచ్చు. ఆ మూడు రోజులు మీకు ఫోన్‌ చేయం. ఏదైనా వస్తే మీ సహోద్యోగి చూసుకుంటారు.

మిగిలిన సెలవును ఫిబ్రవరి 2 నుంచి 11 వరకు, లేదా 12 నుంచి 21 వరకు తీసుకోవచ్చు. రెండో దానిలో 15న శివరాత్రి కలుస్తుంది. రెంటికీ క్లయింటు పని అడ్డం రాదని ప్రాజెక్టు మేనేజరుతో మాట్లాడాను. ఏది కావాలో శుక్రవారంలోగా చెబితే అదే రోజు పోర్టల్‌లో మంజూరు చేస్తాను. ప్రాజెక్టు గడువు జరిగినా ఈ తేదీలు మారవు.

ఇప్పటికే కొన్న టికెట్ల రద్దు ఖర్చు కంపెనీ భరిస్తుంది. రసీదులు నాకు పంపండి.'

మొదటి వాక్యంలోనే కాదన్న మాట వచ్చేసింది. మీ కృషి అమూల్యం, మీరు లేనిదే టీమ్‌ లేదు అంటూ అరపేజీ పొగిడి చివర్లో కాదంటే, చదివేవాడు మొదటి పొగడ్తకే విషయం పసిగడతాడు. కారణంలో తేదీలు, పని పేరు ఉన్నాయి కాబట్టి అతను కావాలంటే సరిచూసుకోవచ్చు, 'రిహార్సల్‌లో నేను ఆన్‌లైన్‌లో కూర్చుంటే సరిపోదా?' అని ఎదురు ప్రతిపాదనా చేయొచ్చు. 'ప్రాజెక్టు కీలక దశలో ఉంది' అన్న మాటకు ఎవరూ ఏ జవాబూ చెప్పలేరు. అది ఏడాది పొడవునా నిజమే.

మూడో పేరాకే అన్నిటికంటే ఎక్కువ విలువ. చాలా ఉత్తరాల్లో ఆ స్థానంలో 'ప్రాజెక్టు అయ్యాక చూద్దాం' అని ఉంటుంది. ప్రాజెక్టులు అవ్వవు, సాగుతాయి. 19న అంతా సవ్యంగా జరగక మార్పిడి ఫిబ్రవరి రెండోవారానికి జరిగిందనుకోండి, మళ్లీ అదే మనిషిని మళ్లీ ఆపుతారు. అందుకే గడువు జరిగినా తేదీలు మారవన్న వాక్యం అవసరం. అది రాసే ధైర్యం కావాలంటే లీడ్‌ ఆ మధ్యకాలంలో రెండో మనిషికి పని నేర్పించి తీరాలి. రిహార్సల్‌లో ఆ రెండో మనిషి చేత చేయించి, అల్లుడిని పక్కన కూర్చోబెట్టడం తేలికైన దారి. ఒక్కరు లేకపోతే ఆగిపోయే పనిని అలాగే ఉంచుకోవడం యాజమాన్యం తప్పు. దాని ఖరీదు ఉద్యోగి పండగతో కట్టించడం ఒకసారికి క్షమించవచ్చు, రెండోసారికి కాదు.

ఉత్తరం ఎంత బాగున్నా ఆలస్యమైతే చెడుతుంది. రైల్వే ముందస్తు రిజర్వేషన్‌ గడువును 2024 నవంబరులో 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. కాబట్టి జనవరి 9 ప్రయాణానికి బుకింగ్‌ నవంబరు 10 ప్రాంతంలో తెరుచుకుంటుంది. సంక్రాంతికి నర్సాపురం వైపు వెళ్లే రైళ్లలో బెర్తులు ఎంతసేపుంటాయో ప్రయత్నించినవాళ్లను అడగండి. నవంబరు మొదట్లో అడిగిన సెలవుకు జనవరి 2న జవాబిచ్చే మేనేజరు, 14వ తేదీ సెలవిచ్చినా టికెట్‌ లేకుండా చేసినట్టే. వారంలోగా చెప్పగలిగినంత చెప్పి, మిగతాది ఏ తేదీన తేలుస్తారో రాయడం మర్యాద.

కాదన్న తీరు వికటించిందని ఎలా తెలుస్తుంది? సరిగ్గా ఆ తేదీల్లోనే జ్వరం సెలవు రావడం ఒక గుర్తు. పోర్టల్‌లో ఎవరూ సెలవు అడగకపోవడం మరో గుర్తు. టీమ్‌ శ్రద్ధ పెరిగిందని మేనేజరు మురిసిపోతాడు గానీ, అడిగి లాభం లేదని వాళ్లు తేల్చుకున్నారన్నమాట. రాజీనామాలు బోనస్‌ పడ్డ మర్నాడు వస్తాయి.

ఇలా ఉత్తరం రాసి ఆపడానికి వీల్లేని సెలవులూ ఉన్నాయి. ప్రసూతి సెలవు 1961 చట్టంతో వచ్చిన హక్కు, 2017 నుంచి మొదటి రెండు కాన్పులకు 26 వారాలు. ఏ గో-లైవూ దానికి అడ్డు కాదు. మామూలు సెలవు సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1972 సెలవు నియమాల్లో ఏడోది సెలవును హక్కుగా కోరరాదని స్పష్టంగా అంటుంది, ప్రభుత్వ అవసరం పడితే నిరాకరించవచ్చు. కానీ అదే నియమం, ఉద్యోగి అడిగిన సెలవు రకాన్ని అతను రాతపూర్వకంగా కోరకుండా అధికారి మార్చరాదని కూడా అంటుంది. ఆర్జిత సెలవు అడిగితే సగం జీతం సెలవిచ్చి పంపడం కుదరదు.

సెలవు అడిగి కాదనిపించుకున్నవారికి ఒక మాట. నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఆ జవాబు రాతలో తీసుకుని కాపీ దాచుకోండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికుడు మరుసటి ఏడాదికి తీసుకెళ్లగల సెలవుకు 30 రోజుల పరిమితి ఉండేది, కానీ నిబంధనల ప్రకారం అడిగినా యాజమాన్యం ఇవ్వని సెలవుకు ఆ పరిమితి లేదు. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ రక్షణ కొనసాగింది. మీ హోదాకు అది వర్తిస్తుందో లేదో హెచ్‌ఆర్‌ని అడగండి. వర్తిస్తే, మీరు అడిగారనీ వాళ్లు కాదన్నారనీ చూపించే రుజువు ఆ ఉత్తరమే.