టీవీ తెర మింగేసే అంచులు

క్రోమ్ బ్రౌజర్‌లోని ఒక ట్యాబ్‌ను టీవీకి కాస్ట్ చేసినప్పుడు బొమ్మ నాలుగు పక్కలా కాస్త కాస్త తెగిపోయి కనిపించడం చాలా ఇళ్లలో, తరగతి గదుల్లో ఎదురయ్యే చిక్కు. మార్కుల స్ప్రెడ్‌షీట్‌ను చూపిస్తే ఎడమ చివరన వరుస సంఖ్యలు సగం మాయమవుతాయి. అడుగున షీట్ల పేర్లు కనబడవు. ల్యాప్‌టాప్‌లో మాత్రం అన్నీ సరిగ్గానే ఉంటాయి. అందరూ ముందు బ్రౌజర్‌ను అనుమానిస్తారు గానీ, ఇది చాలాసార్లు టీవీ చేసే పని.

దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పిక్చర్ ట్యూబ్ టీవీల్లో అంచుల దగ్గర బొమ్మ వంకర పోయేది, దాని సైజు కూడా అటూ ఇటూ అయ్యేది. అందుకే బొమ్మను తెర కన్నా కొంచెం పెద్దగా పడేలా చేసి, మిగిలిన అంచును చట్రం వెనక దాచేవారు. ప్రసారం చేసేవారు కూడా పేర్లు, స్క్రోలింగ్‌లు అంచుకు దూరంగా వేసేవారు. పలక టీవీలకు ఈ అవసరం లేదు, అయినా పాత అలవాటు చాలా సెట్లలో అలాగే మిగిలిపోయింది.

లెక్క వేసి చూస్తే పోయేదెంతో తెలుస్తుంది. 1920×1080 బొమ్మలో టీవీ ఒక్కో పక్క 2.5 శాతం కోస్తుందనుకుందాం. కుడి ఎడమల 48 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 27 చొప్పున పోతాయి. మిగిలిన 1824×1026 బొమ్మను టీవీ మళ్లీ తెర నిండా సాగదీస్తుంది. అంచులు పోవడంతో పాటు అక్షరాలు కూడా మసకబారేది ఈ సాగదీత వల్లే. బ్రౌజర్‌లో Ctrl, మైనస్ నొక్కి పేజీని చిన్నది చేసినా లాభం ఉండదు. అక్షరాలు చిన్నవవుతాయి, కత్తెర మాత్రం అక్కడే ఉంటుంది.

కోత ఎలా ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. నాలుగు వైపులా సమానంగా పోతే ఓవర్‌స్కాన్. పైనా కిందా మాత్రమే పోతే టీవీ జూమ్ మోడ్‌లో ఉన్నట్టు. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తే అసలు ఏమీ పోలేదు: 16:10 ల్యాప్‌టాప్ తెర 16:9 టీవీలో ఇమిడేటప్పుడు మిగిలే ఖాళీ అది.

మందు టీవీ రిమోట్‌లోనే ఉంది. పిక్చర్ సెట్టింగుల్లో బొమ్మ పరిమాణం దగ్గర ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: ఎల్‌జీ సెట్లలో Just Scan, శాంసంగ్‌లో Screen Fit లేదా Fit to screen, సోనీలో Full Pixel. కొన్ని టీవీల్లో ఆ ఇన్‌పుట్ పేరును PC అని మార్చినా కోత ఆగుతుంది. ఈ సెట్టింగు చాలా టీవీల్లో ఒక్కో HDMI పోర్టుకు విడిగా ఉంటుంది. కాస్టింగ్ డాంగిల్‌ను వేరే పోర్టుకు మారిస్తే మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

ఇక బొమ్మను ఏ పద్ధతిలో పంపాలన్నది వేరే సంగతి. క్రోమ్ కాస్ట్ మెనూలో Cast tab ఎంచుకుంటే ఆ ఒక్క ట్యాబే టీవీలో కనిపిస్తుంది. పక్క ట్యాబ్‌లో మెయిల్ చదువుకున్నా ఎవరికీ తెలియదు. Cast screen అంటే మిర్రరింగ్: ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా, మధ్యలో వచ్చే వాట్సాప్ సందేశంతో సహా, టీవీలోనూ కనిపిస్తుంది. వైర్‌లెస్ కాస్టింగ్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి మౌస్‌ను టీవీ చూస్తూ కదిపితే చేయి తడబడుతుంది.

ఎక్స్‌టెండ్ చేస్తే టీవీ రెండో తెర అవుతుంది. స్లైడ్లు టీవీలో, నోట్సు ల్యాప్‌టాప్‌లో ఉంచుకునే ఉపాధ్యాయుడికి ఇదే తగినది. క్రోమ్ కాస్ట్ మెనూ నేరుగా ఇది చేయదు. విండోస్‌లో HDMI కేబుల్ కలపాలి, లేదా టీవీకి మిరాకాస్ట్ ఉంటే Win+K తో వైర్ లేకుండా కలపాలి. ఆపైన Win+P నొక్కి Duplicate బదులు Extend ఎంచుకోవాలి. Duplicate లో రెండు తెరలకూ ఒకే రిజల్యూషన్ కావాలి కనుక 16:10 ల్యాప్‌టాప్ ఉన్నచోట ఏదో ఒక తెర రాజీపడుతుంది. Extend లో దేని రిజల్యూషన్ దానిదే. కోత మాత్రం ఇక్కడా వస్తుంది, దానికీ అదే టీవీ సెట్టింగు పనిచేస్తుంది.

Extend ఎంచుకోగానే టీవీలో ఉత్త వాల్‌పేపర్ కనబడితే కనెక్షన్ పోయిందని కేబుల్ పీకేవాళ్లున్నారు. ఆ తెర ఖాళీగా ఉందంతే. కావలసిన విండోను అటు లాగాలి, లేదా దాన్ని ఎంచుకుని Win+Shift తో పాటు కుడి లేక ఎడమ బాణం నొక్కాలి. విండో టీవీకి వెళ్తుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది.