జిగురు లేని బెండకాయ వేపుడు

మూకుట్లో బెండకాయ ముక్కలు వేసిన ఐదు నిమిషాలకే గరిటె వెంట సన్నటి దారాలు సాగుతాయి. కంగారుపడి గబగబా కలిపితే ముక్కలు చితికి జిగురు ఇంకా ఎక్కువవుతుంది. మూత పెడితే ముద్దే మిగులుతుంది.

బెండకాయలో నూటికి 90 పాళ్లు నీరే. దాని జిగురు నీటిని పీల్చుకుని ఉబ్బే పదార్థం. కోసినప్పుడు కణాలు తెగి బయటికొస్తుంది, తడి తగిలితే సాగుతుంది, తడి ఆరిపోతే ముక్క మీదే ఎండిపోతుంది. కాబట్టి వేపుడు పని మొదటి నుంచి చివరి దాకా తడిని తరిమేయడమే.

నలుగురికి అరకిలో కాయలు చాలు. తోక విరిస్తే టక్కుమనే లేత కాయలు ఏరుకోవాలి, వంగిపోయేవి ముదురువి. కాయల్ని కోయకముందే కడిగి, బట్టతో తుడిచి, ఫ్యాను కింద అరగంట ఆరనివ్వాలి. కోశాక కడిగితే అక్కడే వేపుడు చెడినట్టు. కత్తి, పలక కూడా పొడిగా ఉండాలి. ముక్క అరంగుళం ఉంటే మేలు. మరీ సన్నగా తరిగితే కోసిన అంచులు ఎక్కువై జిగురూ ఎక్కువ వస్తుంది.

వెడల్పాటి మూకుట్లో నాలుగు పెద్ద చెంచాల నూనె బాగా కాచి, ముక్కలు ఒకే వరుసలో పరచాలి. కుప్పగా పోస్తే నూనె చల్లబడి, ముక్కలు తమ ఆవిరిలోనే ఉడుకుతాయి. మూకుడు చిన్నదైతే రెండు వాయిలుగా వేయించుకోవాలి. మూత పెట్టకూడదు, ఎందుకంటే ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లై మళ్లీ ముక్కల మీదే పడుతుంది.

మధ్యస్థపు మంట మీద మొదటి ఐదారు నిమిషాలు గరిటె పెట్టకుండా వదిలేసి, తర్వాత నాలుగైదు నిమిషాలకోసారి అట్లకాడతో అడుగు నుంచి తిరగేయాలి. మధ్యలో దారాలు కనిపించినా భయపడనక్కర్లేదు. పావుగంట దాటేసరికి అవి తెగిపోతాయి. ముక్కలు ముడుచుకుని, అంచులు గోధుమరంగుకు తిరిగి, కదిపితే గలగలమంటాయి. ఉప్పు, కారం అప్పుడే చల్లాలి. ఉప్పు ముందే పడితే ముక్కలోని నీరు బయటికొచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఉల్లిపాయ కావాలంటే విడిగా వేయించి కలపాలి, అదీ నీరు వదిలేదే కదా.

ఇంత చేసినా ఈ పద్ధతిలో అంచులే కరకరలాడతాయి, లోపల మెత్తగానే ఉంటుంది. పెళ్లి భోజనాల్లోలా పూర్తిగా కరకరలాడాలంటే నూనెలో దేవాల్సిందే. గుప్పెడు గుప్పెడుగా వేస్తే నూనె బుసబుసా పొంగుతుంది. ఆ బుడగలు తగ్గాయంటే ముక్కలోని నీరు చాలావరకు పోయినట్టే. అప్పుడు తీసి, వేయించిన పల్లీలు, కరివేపాకు, ఉప్పు, కారం కలుపుతారు.

వేపుడును వేడిగా డబ్బాలో పెట్టి మూసినా అరగంటలో మెత్తబడుతుంది. పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారాకే క్యారేజీలో సర్దాలి.