అరబీలోకి వెళ్లే ప్రశ్నపత్రం: ఏది తిరగాలి, ఏది తిరగకూడదు

గల్ఫ్ దేశాల బడుల్లో సైన్సు, లెక్కలు చెప్పే మన టీచర్లకు అప్పుడప్పుడూ ఒక పని తగులుతుంది. ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్ని ఎవరో ఫోన్లో ఫొటో తీసి పంపుతారు. అరబీ మాధ్యమం పిల్లలకోసం దాన్ని అరబీలో తయారు చేయాలి. మార్కులు, సూచనలు, ప్రశ్నల వరుస మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వినడానికి చిన్న పనే. అయితే అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. ఒకే వాక్యంలో రెండు దిశలు కలిసినప్పుడు మాటలు సరిగ్గా ఉన్నా పత్రం తప్పయిపోవచ్చు.

అందుకే అనువాదానికి ముందు పత్రం అస్థిపంజరాన్ని విడిగా రాసుకోవాలి. ఒక నమూనా తీసుకుందాం. 40 మార్కుల సైన్సు పేపరు. ఎ విభాగంలో 1 నుంచి 10 వరకు ఒక్కో మార్కు ప్రశ్నలు, అన్నీ రాయాలి. బి విభాగంలో 11 నుంచి 17 వరకు రెండేసి మార్కులవి, ఏవైనా అయిదు రాయాలి. సి విభాగంలో 18 నుంచి 23 వరకు అయిదేసి మార్కులవి, ఏవైనా నాలుగు రాయాలి. పిల్లవాడు సంపాదించగలిగేది 10, 10, 20 కలిపి 40. పేజీ మీద అచ్చయిన మార్కులన్నీ కూడితే మాత్రం 10, 14, 30 కలిపి 54 వస్తుంది. ఈ 54ను ఒక మూల రాసిపెట్టుకోవాలి. అరబీ ప్రతి తయారయ్యాక మళ్లీ కూడినప్పుడు 52 వస్తే, బి విభాగంలో ఒక ప్రశ్న మార్కు ఎక్కడో జారిపోయిందని వెంటనే అనుమానించవచ్చు.

అలా జారిపోవడానికి మొదటి కారణం ఫొటోయే. మార్కులు కుడి అంచున, ప్రశ్నకు దూరంగా ఉంటాయి. ఫొటోలోంచి అక్షరాలను పట్టే సాఫ్ట్‌వేరు ఆ అంచును వేరే నిలువు వరుసగా భావించి, మార్కులన్నింటినీ పేజీ చివర కుప్ప పోసే అవకాశం ఉంది. బహుళైచ్ఛిక ప్రశ్నల జవాబులు రెండు వరుసల్లో ఉంటే ఎ తర్వాత బి రావాల్సిన చోట సి రావచ్చు. పేజీ వంకరగా ఉన్నా, మడతలో నీడ పడినా ఒక అంకె మాయమైపోతుంది. కాబట్టి ఫొటోను పేజీకి ఎదురుగా, నాలుగు మూలలూ కనబడేలా తీయించుకోవాలి. పట్టిన పాఠాన్ని అస్థిపంజరంతో పోల్చాకే అనువాదం మొదలుపెట్టాలి. పరీక్ష ఇంకా జరగకపోతే ఆ ఫొటోను ఏ ఆన్‌లైన్ సేవలోకీ ఎక్కించకూడదు. అది గోప్యమైన పత్రం.

ఇక పేజీ తిరుగుతుంది. ప్రశ్న సంఖ్య కుడి అంచుకు వస్తుంది, మార్కులు ఎడమ అంచుకు వెళ్తాయి. మార్చకూడదన్న మాట విలువలకే గానీ స్థానాలకు కాదు. మార్కులను కుడివైపే ఉంచితే అవి ప్రశ్న సంఖ్యల పక్కన చేరి, 11వ ప్రశ్న పక్కన 2 ఉన్నప్పుడు పిల్లవాడు దేన్ని ఏమని చదవాలో తెలియదు. పేజీ తిరిగినా బొమ్మలు తిరగకూడదు. విద్యుత్ వలయం బొమ్మను అద్దంలోలా తిప్పితే బ్యాటరీ ధన, రుణ ధ్రువాలు తారుమారవుతాయి. గ్రాఫ్‌ను తిప్పితే పెరుగుతున్న గీత తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. బొమ్మలోని మాటలను మాత్రమే మార్చి, బొమ్మను అలాగే వదిలేయాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం లెక్కల్లో ఉంది. అరబీ వాక్యం మధ్యలో 8 - 3 అని టైప్ చేస్తే చాలా సాఫ్ట్‌వేర్లలో అది 3 - 8 గా కనిపిస్తుంది. ఒక్కో అంకె లోపల క్రమం చెడదు గానీ మైనస్ గుర్తును అరబీ వాక్య దిశకు చేర్చేస్తుంది. కుడి నుంచి చదివే వాడికి 8లోంచి 3 తీయమనే అర్థమవుతుంది. ఇంగ్లీషు పద్ధతిలో లెక్కలు నేర్చుకున్న పిల్లవాడు 3లోంచి 8 తీసి మైనస్ 5 రాస్తాడు. ఏ పద్ధతి వాడాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. ఈజిప్టులో అరబీ మాధ్యమం లెక్కల పుస్తకాలు సూత్రాన్ని కూడా కుడి నుంచే రాస్తాయి. ఎక్స్, వై స్థానంలో సీన్, సాద్ అనే అరబీ అక్షరాలు వస్తాయి. మొరాకోలో సూత్రాలు లాటిన్ అక్షరాలతో ఎడమ నుంచి నడుస్తాయి. పిల్లలు ఏ బడి పుస్తకం చదివారో అడిగి తెలుసుకోవాలి. సూత్రం ఎడమ నుంచే నడవాలంటే దాన్ని విడి పేరాగా పెట్టి ఆ పేరా దిశను మార్చవచ్చు. వాక్యం మధ్యలోనే ఉండాలంటే దాని ముందు U+2066, వెనక U+2069 అనే కనబడని గుర్తులు పెడితే లోపలి భాగం చెదరదు.

అంకెల రూపం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాలు మనం వాడే అంకెలనే వాడతాయి. ఈజిప్టు వంటి తూర్పు దేశాల్లో కనిపించే అంకెల్లో 5 గుండ్రంగా మన సున్నలా ఉంటుంది, సున్న చిన్న చుక్కలా ఉంటుంది. మార్కుల దగ్గర ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పత్రమంతా ఒకే రకం అంకెలు వాడాలి. మూల్యాంకనం చేసేవారు ఏవి చదవగలరో వాటినే ఎంచుకోవడం మేలు.

మార్కుల మాటలోనూ ఒక చిక్కుంది. అరబీలో రెంటికి ప్రత్యేక ద్వివచనం ఉంది. "రెండు మార్కులు" అనడానికి "దరజతాన్" ఒక్క మాట చాలు. దాంతో 2 అనే అంకె కనబడకుండా పోతుంది. అయిదుకు "దరజాత్" అనే బహువచనం, ఇరవైకి మళ్లీ "దరజా" అనే ఏకవచనం. ఒక్కో ప్రశ్న పక్కన ఈ మాటలు రాసే బదులు వరుస పైన "అద్దరజా" అని ఒకసారి పెట్టి, కింద అంకెలు మాత్రమే ఉంచితే తర్వాత కూడి సరిచూడటం తేలిక.

ఉపప్రశ్నల అక్షరాల విషయంలో జాగ్రత్త. అరబీ వర్ణమాలలో మూడోది "తా". కానీ వరుస సంఖ్యలుగా వాడేటప్పుడు అలిఫ్, బా, జీమ్, దాల్ అనే పాత క్రమం నడుస్తుంది. అంటే సి స్థానంలో జీమ్ రావాలి. జవాబు పత్రంలో A, B, C, D అని వృత్తాలు అచ్చయి ఉంటే మాత్రం ప్రశ్నపత్రంలోనూ ఆ అక్షరాలనే ఉంచాలి. లేకపోతే పిల్లవాడు సరైన జవాబు తెలిసీ తప్పు వృత్తం నింపుతాడు.

సూచనల్లో క్రియలే కీలకం. "పేర్కొనండి" అంటే "ఉజ్కుర్", "వివరించండి" అంటే "ఇష్రహ్", "కారణం తెలపండి" అంటే "అల్లిల్". రెండు మార్కుల "ఉజ్కుర్" చోట "ఇష్రహ్" పడితే పిల్లవాడు పేజీ నిండా రాసి సమయం పోగొట్టుకుంటాడు. "ఏవైనా నాలుగు" లోంచి "ఏవైనా" జారిపోతే మొదటి నాలుగే రాయాలేమో అనుకుంటాడు. ఇక అరబీ ఆజ్ఞార్థకంలో లింగభేదం ఉంది. అబ్బాయికి "అజిబ్", అమ్మాయికి "అజీబీ". బాలికల బడికి ఇచ్చే పత్రంలో ఏది వాడాలో ముందే తేల్చుకుని చివరి దాకా దానికే కట్టుబడాలి.

మూలంలోనే తప్పు ఉంటే? 13 తర్వాత 15 అని అచ్చయి ఉంటే, లేదా విభాగం మొత్తం కూడికకు పొసగకపోతే అనువాదకుడు దాన్ని సరిచేయకూడదు. సరిచేస్తే రెండు ప్రతుల ప్రశ్న సంఖ్యలు వేరై, జవాబుల సూచీ ఒకదానికే సరిపోతుంది. తప్పును అలాగే ఉంచి, ఒక విడి కాగితం మీద రాసి పత్రం తయారుచేసిన టీచరుకు పంపాలి. ఆయన మార్చమంటే రెండు ప్రతుల్లోనూ ఒకేసారి మార్చాలి. మన తెలుగు పిల్లలకు ఇలాంటి ఏర్పాటు తెలిసిందే. నీట్ పరీక్ష తెలుగులో కూడా ఇస్తారు, అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రతినే తుదిగా తీసుకుంటారు. అరబీ ప్రతి పైన కూడా ఏ ప్రతి తుదిదో ఒక వాక్యంలో రాయించుకోవాలి. ఆ నిర్ణయం బడిది, అనువాదకుడిది కాదు.

చివరి పరీక్ష ఇద్దరు చేయాలి. ఒకరు అరబీ ప్రతిని పట్టుకుని ప్రశ్న సంఖ్య, ఉపప్రశ్న అక్షరం, మార్కు, ఎన్ని రాయాలి అనేవి మాత్రమే పైకి చదువుతారు. రెండోవారు మూల ఫొటోను చూస్తూ ఒక్కొక్కటీ టిక్ పెడతారు. అరబీ బాగా వచ్చినవారే చదవాలని లేదు, ఆ అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు. అది ముగిశాక పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చి, ముద్రించిన కాగితం మీద మైనస్ గుర్తులు, బ్రాకెట్లు, గ్రాఫులు ఇంకోసారి చూడాలి. తెరమీద సరిగ్గా ఉన్న సూత్రం వేరే కంప్యూటరు నుంచి ముద్రించినప్పుడు తిరగబడటం జరుగుతూనే ఉంటుంది.