లీడర్ పోస్టు ఒద్దన్నాను, ఎందుకంటే

పదేళ్ల కిందట గాజువాక కాడ ఓ షాపులో పైపు వెల్డర్‌గా ఉండేవాణ్ని. ఓ రోజు మేనేజర్ పిలిచి, "ఎనిమిది మందికి నువ్వే టీమ్ లీడర్‌వి, జీతం పెంచుతాం" అన్నాడు. "నేను వెల్డింగు కూడా చెయ్యొచ్చా సార్?" అనడిగాను. "నువ్వు చెయ్యక్కర్లేదు, చేయించు" అన్నాడు. "అయితే ఒద్దు సార్" అన్నాను. ఇంటికాడ "నీకేటైనా పిచ్చా?" అన్నారు.

నాకు టార్చి పట్టుకోవడమే ఇష్టం. దాంతోపాటు ఓ లెక్కుంది. ప్రెషర్ పైపుల పనికి చాలాచోట్ల ఏఎస్ఎంఈ కోడ్ తొమ్మిదో సెక్షన్ చూస్తారు. టిగ్ వెల్డింగు ఆరు నెలలు చెయ్యకపోతే టిగ్‌లో మన అర్హత పోద్ది. మళ్లీ టెస్టు ముక్క అతికి పాసవ్వాలి. హాజరు పుస్తకం పట్టుకుని తిరిగేవోడికి ఆరు నెలలు ఎంతలో గడుస్తాయి?

రెండోది చట్టం. సూపర్‌వైజర్ పని చేస్తూ జీతం ఓ గీత దాటితే మనం కార్మికులం కాము. అప్పటి 1947 చట్టంలో ఆ గీత నెలకి 10,000 రూపాయలు, 2020 కోడ్‌లో 18,000. గీత దాటినోణ్ని ఉద్యోగంలోంచి తీసేస్తే, కార్మికుడిగా ఆ చట్టం కింద కేసెయ్యలేడు. అలాగని పోస్టు పేరొక్కటే చూడరు. 1994లో ఓ చెప్పుల కంపెనీ షాపు మేనేజర్ కేసులో, ముఖ్యంగా చేసే పనేటో చూడాలంది సుప్రీంకోర్టు.

అందుకే లీడర్ అంటే ముందు ఒక్కటడగండి: రోజులో నా చెయ్యి పని మీద ఎంతసేపుంటాది? జవాబు కాగితం మీద రాయించుకోండి.