గేట్‌వే సొమ్ము బ్యాంకు జమతో టాలీ అయ్యేదెలా?

ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవారు కార్డుతోనో యూపీఐతోనో డబ్బు కట్టగానే ఆ సొమ్ము దుకాణదారు ఖాతాలో నేరుగా పడదు. ముందు అది పేమెంట్ గేట్‌వే సంస్థ ఒక షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులో తెరిచిన ఎస్క్రో ఖాతాకు చేరుతుంది. ఆ ఖాతాను ఎలా నడపాలో రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. గేట్‌వే తన రుసుము, దానిపై జీఎస్టీ కోసుకుని, మిగిలినది ఒప్పందం ప్రకారం ఒకటి రెండు పనిదినాల తర్వాత దుకాణదారు ఖాతాకు పంపుతుంది. దీన్నే సెటిల్‌మెంట్ అంటారు. పంపానని గేట్‌వే చెప్పిన సొమ్ము బ్యాంకులో నిజంగా పడిందా, పడినది రావలసినంతేనా అని రోజూ సరిచూడటం రీకన్సిలియేషన్.

వినడానికి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే పనే. చిక్కు వేరే చోట ఉంది. దుకాణం చిట్టాలో పదిహేను అమ్మకాలుంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వాటికి బదులుగా ఒకే ఒక్క జమ పద్దు ఉంటుంది. ఆ ఒక్క అంకెలో అమ్మకాలు కలిసి ఉంటాయి, రుసుములు తీసేసి ఉంటాయి, ఎప్పుడో అమ్మిన సరుకుకు ఇచ్చిన రీఫండ్లు కూడా తగ్గించి ఉంటాయి. దాన్ని విప్పి చూస్తే తప్ప అది సరైనదో కాదో తెలియదు. విప్పడానికి కావలసినది గేట్‌వే డ్యాష్‌బోర్డులో దొరికే సెటిల్‌మెంట్ రిపోర్టు. అందులో ప్రతి చెల్లింపుకూ, ప్రతి రీఫండుకూ ఒక వరుస ఉంటుంది. ఆ వరుస ఏ సెటిల్‌మెంట్‌లో చేరిందో చెప్పే యూటీఆర్ నంబరు కూడా ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమ పక్కన ఉండే వివరణలోనూ అదే యూటీఆర్ కనిపిస్తుంది. రెండు కాగితాలను కలిపే ముడి అదే.

కొత్తవాళ్లు ఎక్కువగా మొత్తాన్ని బట్టి కలపబోతారు. రిపోర్టులో 12,000 ఉంది, బ్యాంకులో 12,000 ఉంది, టాలీ అయింది అనుకుంటారు. ఒకే ధరకు ఒకే రకం సరుకు అమ్మే దుకాణంలో ఒకే మొత్తం గల సెటిల్‌మెంట్లు వారంలో రెండు మూడు రావచ్చు. సోమవారం రావలసినది రాకపోయినా బుధవారం వచ్చినదాన్ని దానికి జత చేసేస్తే తప్పు ఎవరికీ కనబడదు. అందుకని ముందు యూటీఆర్ కలవాలి, ఆ తర్వాతే మొత్తం చూడాలి.

ఇక లెక్క ఎలా సాగుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణలో చూడవచ్చు. మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. కార్డు చెల్లింపుల మీద 2 శాతం రుసుము, రుసుము మీద 18 శాతం జీఎస్టీ, యూపీఐకి రుసుము లేదు, సెటిల్‌మెంట్ రెండు పనిదినాల తర్వాత. ఇదీ ఒప్పందం. సోమవారం కార్డుల ద్వారా 30,000 రూపాయలు, యూపీఐ ద్వారా 12,500 రూపాయలు, మొత్తం 42,500 వచ్చాయి. కిందటి వారం అమ్మిన ఒక చీర తిరిగి రావడంతో మంగళవారం 1,850 రూపాయలు రీఫండ్ ఇచ్చారు. గేట్‌వే ఆ సొమ్మును కూడా ఈ సెటిల్‌మెంట్‌లోనే తగ్గించుకుంటుంది. రుసుము 600, దానిపై జీఎస్టీ 108. అన్నీ పోగా బుధవారం బ్యాంకులో పడవలసినది 39,942 రూపాయలు.

బ్యాంకులో పడింది 39,847 రూపాయల 60 పైసలు. రిపోర్టులోని యూటీఆర్ కలిసింది. రిపోర్టు చూపే నికర మొత్తం కూడా సరిగ్గా 39,847.60. అంటే గేట్‌వేకీ బ్యాంకుకూ మధ్య తేడా ఏమీ లేదు. చాలామంది లెక్క ఇక్కడితో మూసేస్తారు. కానీ దుకాణం తన చిట్టాను బట్టి వేసుకున్న అంచనాకు 94 రూపాయల 40 పైసలు తక్కువ వచ్చాయి. గేట్‌వే రిపోర్టు గేట్‌వే చేసినదాన్నే చూపుతుంది. అది చేసినది ఒప్పందానికి తగినట్టు ఉందా లేదా అన్నది ఆ రిపోర్టుకూ బ్యాంకుకూ పోలిక పెడితే తేలదు. అందుకే దుకాణం సొంత చిట్టా మూడో కాగితంగా బల్ల మీద ఉండాలి.

ఆ 94.40 ఎక్కడిది? తేడా రుసుములో ఉందన్న అనుమానం వస్తే దాన్ని 1.18తో భాగించి చూడటం అనుభవజ్ఞుల అలవాటు. అలా చేస్తే జీఎస్టీ విడిపోయి రుసుములోని తేడా మిగులుతుంది. 94.40ని 1.18తో భాగిస్తే కచ్చితంగా 80 వస్తుంది. ఆ రోజు చెల్లింపుల్లో 80 రూపాయలు ఒక శాతమయ్యేది ఏదైనా ఉందా అని చూస్తే, 8,000 రూపాయల కార్డు చెల్లింపు ఒకటి కనిపించింది. రిపోర్టులో దాని వరుస తెరిస్తే రుసుము 160కి బదులు 240 ఉంది. అది కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే కార్పొరేట్ క్రెడిట్ కార్డు. అలాంటి కార్డులకు 3 శాతం అని ఒప్పందం అనుబంధంలో రాసే ఉంది. కనుక గేట్‌వే తప్పు లేదు, దుకాణం అంచనా పట్టికే అసంపూర్తిగా ఉంది. ఒకవేళ అది మామూలు కార్డే అయివుంటే ఎక్కువ కోసుకున్న సొమ్ము వెనక్కి అడగవలసి వచ్చేది. 94 రూపాయలు పెద్ద మొత్తం కాదు, నిజమే. అయితే రేటు పొరపాటు ఒక చెల్లింపుతో ఆగదు. ఆ రకం కార్డుతో కట్టిన ప్రతిసారీ మళ్లీ పడుతుంది.

ఈ పోలికంతా ఎక్సెల్‌లోనే చేసుకోవచ్చు. ఒక షీటులో బ్యాంకు జమలు, `Recon` అనే మరో షీటులో గేట్‌వే వరుసలు ఉంచాలి. బ్యాంకు షీటులో B గడిలో యూటీఆర్, C గడిలో మొత్తం; గేట్‌వే షీటులో F వరుసలో నికర మొత్తం, H వరుసలో యూటీఆర్ ఉంటే సూత్రం ఇలా ఉంటుంది:

```
=ROUND(SUMIFS(Recon!F:F,Recon!H:H,B2)-C2,2)
```

రీఫండ్ వరుసల నికర మొత్తాన్ని మైనస్ గుర్తుతో ఉంచాలి. ఫలితం సున్నా వస్తే ఆ జమ కలిసినట్టు. బ్యాంకు జమ మొత్తానికి మొత్తం మైనస్ గుర్తుతో వస్తే ఆ యూటీఆర్ గేట్‌వే రిపోర్టులోనే లేదన్నమాట. చిన్న అంకె మిగిలితే తేడా ఆ సెటిల్‌మెంట్ లోపల ఉంది. అయితే ఈ సూత్రం బ్యాంకు వైపు నుంచి మాత్రమే చూస్తుంది. గేట్‌వే పంపానన్నా బ్యాంకుకు చేరని సొమ్ము ఇందులో కనబడదు. దాన్ని పట్టాలంటే గేట్‌వే షీటు నుంచి బ్యాంకు వైపు ఇదే పోలిక మరోసారి చేయాలి.

తేడా సొమ్ములో కాక ఫైలులో ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఐఎంపీఎస్ ద్వారా వచ్చిన జమకు 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. సీఎస్‌వీ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే అది `5.12E+11` లాంటి రూపంలోకి మారిపోవచ్చు. ఆ ఫైలును అలాగే సేవ్ చేస్తే అసలు నంబరు పోతుంది. యూటీఆర్ చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి మిగిలినా జత కుదరదు. ఇంకొకటి గడియారం. వెబ్‌సైటు సర్వరు సమయం యూటీసీలో ఉంటే, మన అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా వచ్చిన ఆర్డర్లన్నీ ముందురోజు తేదీతో నమోదవుతాయి. రోజూ కొంత తేడా రావడం, మర్నాటి లెక్కలో అదే మొత్తం ఎదురు గుర్తుతో రావడం కనిపిస్తే ముందుగా చూడవలసినది సర్వరు సమయాన్నే.

ఫైలు తప్పులు తీసేశాక కూడా కలవకుండా మిగిలినవే అసలు పని. గేట్‌వే పంపానంటున్నా బ్యాంకులో లేని సెటిల్‌మెంట్ మొదటి రకం. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ రోజంతా, సెలవుల్లోనూ పనిచేస్తోంది. కాబట్టి సాయంత్రం పంపినది రాత్రికో మర్నాడు ఉదయానికో పడాలి. మర్నాటి స్టేట్‌మెంట్‌లోనూ లేకపోతే యూటీఆర్ ఇచ్చి బ్యాంకులో ఆరా తీయించాలి. ఖాతా నంబరు మారడం వంటి కారణంతో సొమ్ము వెనక్కి తిరిగిపోయి ఉంటే గేట్‌వే దాన్ని మళ్లీ పంపుతుంది, కానీ కొత్త యూటీఆర్‌తో. పాత నంబరు కోసమే వెతుకుతూ కూర్చుంటే సొమ్ము వచ్చినా కలవనట్టే కనిపిస్తుంది.

రెండో రకం, గేట్‌వే రిపోర్టులో చెల్లింపు ఉండి దుకాణం చిట్టాలో ఆర్డరు లేకపోవడం. కొన్నవారి ఖాతాలో డబ్బు కోసుకుపోయింది, ఈలోగా వెబ్‌సైటుకు కబురు అందక ఆర్డరు విఫలమైంది, కాసేపటికి చెల్లింపు మాత్రం గేట్‌వేలో విజయవంతమైంది. అలా 2,350 రూపాయలు అదనంగా వచ్చిందనుకుంటే అది లాభం కాదు, ఒకరి సొమ్ము. సరుకు పంపాలి, లేదా తిరిగి ఇవ్వాలి. ఖాతాలో డబ్బు పోయి దుకాణానికి నిర్ధారణ అందని లావాదేవీని ఐదు రోజుల్లో వెనక్కి జమచేయాలనీ, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. రీకన్సిలియేషన్ నెలాఖరుకు చేసే దుకాణంలో ఈ గడువు దాటిపోయాకే విషయం బయటపడుతుంది. రోజూ చేయవలసిన కారణాల్లో ఇదే బలమైనది.

కలవని ప్రతి మొత్తానికీ పట్టికలో నాలుగు సంగతులు రాసుకోవాలి: ఎంత, ఏ తేదీది, అనుమానిస్తున్న కారణం, ఎవరు చూస్తున్నారు. తేదీ ఉంటే అది ఎన్నాళ్లుగా నిలిచివుందో తెలుస్తుంది. ఒక రోజు తేడా మామూలే. వారం నిలిచినది గేట్‌వేకు ఫిర్యాదుగా వెళ్లాలి. ‘రౌండాఫ్’ పేరుతోనో సస్పెన్స్ ఖాతాలో పడేసో తేడాను మాయం చేయడం చెడ్డ పద్ధతి. వంద రూపాయలు ఎక్కువ, వంద రూపాయలు తక్కువ ఒకే ఖాతాలో పడితే రెండూ చెల్లిపోయి లెక్క శుభ్రంగా కనిపిస్తుంది, రెండు తప్పులూ అలాగే ఉంటాయి. పైసల తేడాలకు కూడా ఒక పరిమితి ముందే పెట్టుకుని, వాటి మొత్తాన్ని నెలకోసారి చూడాలి.

పుస్తకాల్లో దీనికి తగ్గ ఏర్పాటు ‘గేట్‌వే నుంచి రావలసినది’ అనే లెడ్జరు. అమ్మకం జరిగినప్పుడు పూర్తి మొత్తం ఇందులో చేరుతుంది. పై ఉదాహరణలో 42,500 చేరింది. రీఫండ్ ఇచ్చినప్పుడు 1,850 తగ్గింది. సెటిల్‌మెంట్ రోజున బ్యాంకుకు 39,847.60, రుసుము ఖర్చుకు 680, జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌కు 122.40 వెళ్లి పద్దు సున్నా అయింది. బ్యాంకులో పడిన నికర మొత్తాన్నే అమ్మకంగా రాసుకునే దుకాణాలు టర్నోవరు తక్కువ చూపి, ఇన్‌పుట్ క్రెడిట్ కూడా పోగొట్టుకుంటాయి. ఏ రోజు సాయంత్రమైనా ఈ లెడ్జరు నిల్వ, గేట్‌వేలో ఇంకా సెటిల్ కాని చెల్లింపుల నికర మొత్తానికి సమానంగా ఉండాలి; అప్పటికి ఇంకా కోయని రుసుములు కూడా అందులో కలిసే ఉంటాయి. సమానం కాకపోతే ఆ తేడాయే వెతకవలసిన సొమ్ము.

అన్నీ సున్నా అయినా ఒకటి మిగులుతుంది. కార్డుతో కట్టినవారు తమ బ్యాంకు ద్వారా అభ్యంతరం చెబితే సొమ్ము వెనక్కి వెళ్తుంది. ఈ ఛార్జ్‌బ్యాక్‌కు వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా కారణాలకు 120 రోజుల వరకు గడువుంటుంది. అది వచ్చిన రోజున గేట్‌వే ఆ మొత్తాన్ని అప్పటి సెటిల్‌మెంట్ నుంచి తగ్గిస్తుంది. ఆ వరుసకు ఆ వారం అమ్మకాలతో ఏ సంబంధమూ ఉండదు. కాబట్టి దాన్ని పాత చెల్లింపు నంబరుతో వెతికి పట్టుకోవడానికి వీలుగా, కలిసిపోయిన రోజుల రిపోర్టులను కూడా తీసేయకుండా దాచాలి.